‘బాగుంది’ తర్వాత ఏమనాలి?

సెమినార్‌లో ఒక సెషన్ అయిపోయాక, అందరూ టీ దగ్గరికి చేరేలోపు ఓ ఐదు నిమిషాలు ఉంటాయి. పత్రం చదివినవాళ్లు పెన్‌డ్రైవ్ తీసుకుంటూ, కాగితాలు సర్దుకుంటూ ఇంకా బల్ల దగ్గరే ఉంటారు. మనం పక్కనుంచి వెళ్తూ "చాలా బాగుంది" అంటాం. మనతోటివాళ్లయితే "థాంక్స్" అంటారు, పెద్దవాళ్లయితే "ఏదో మీ అభిమానం" అంటారు. మాట అక్కడితో అయిపోతుంది. మన డిపార్ట్‌మెంట్ నుంచి ఈ ఏడాది చాలామందిమి సెమినార్లకు వెళ్తున్నాం కాబట్టి, ఆ ఐదు నిమిషాల్లో ఏమంటే మెచ్చుకోలు నిజంగా మెచ్చుకోలులా వినిపిస్తుందో నాకు తెలిసినంత రాస్తున్నాను. దీనికి గోపాల్‌పూర్‌లో జరిగిన ఒక సంగతిని ఉదాహరణగా తీసుకుంటాను.

గోపాల్‌పూర్ బరంపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఈనాటికీ అక్కడ తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. ఒడ్డున వేటకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఒడియావాళ్లు వాళ్లను ‘నోళియాలు’ అంటారు, వాళ్లు తమను తాము వాడబలిజలం అని చెప్పుకుంటారు. 2013 అక్టోబర్ 12 రాత్రి పైలిన్ తుఫాను తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే.

నా క్లాస్‌మేట్ ఆ ఊరి మాట మీద పత్రం చదివింది. అదే సెషన్‌లో నాదీ ఒక పత్రం ఉంది కాబట్టి నేను ముందు వరసలోనే కూర్చున్నాను. తన పేరు రాయొద్దంది, అందుకని ఇక్కడ ‘తను’ అనే రాస్తాను.

తన పత్రంలో ఒక రికార్డింగ్ ఉంది. తుఫాను గురించి ఒక మామ్మ చెప్పిన మాటలు, అరనిమిషం కూడా లేవు. "ఆ రేతిరి లోపలికొచ్చినాది. పొద్దున్న చూస్తే తెప్ప లేదు, వల లేదు." అంతే. తను ఆ మాటల్ని తెర మీద రాసి చూపించింది. ‘లోపలికొచ్చినాది’ ముందు, కర్త ఉండాల్సిన చోట, ఒక ఖాళీ గీత పెట్టింది. వచ్చింది ఏది? సముద్రమా, గాలా, గంగమ్మా? తను పూరించలేదు.

తర్వాత బాలవ్యాకరణం దగ్గరికి వచ్చింది. మనందరం చదివిందే. పురుషుల్ని చెప్పే మాటలు మహత్తులు, స్త్రీలను చెప్పేవి మహతులు, మిగతావన్నీ అమహత్తులు. బహువచనంలో స్త్రీలు పురుషులతో చేరతారు: "వాళ్లు వచ్చారు." ఏకవచనంలో మాత్రం అమహత్తులతో చేరతారు: "అమ్మ వచ్చింది", "బస్సు వచ్చింది". గంజాం, శ్రీకాకుళం వైపు ఇదే "వచ్చినాది" అవుతుంది. కాబట్టి ఆ మామ్మ మాటలో వచ్చింది మగవాడు కాదని, ఒక్కటేనని మాత్రమే క్రియ మనకు చెబుతుంది. అది నీళ్లో, దేవతో క్రియని బట్టి తెలియదు. ఒడియాలో అయితే క్రియకు లింగభేదమే లేదు కాబట్టి ఆ పాటి ఆచూకీ కూడా దొరకదని తను ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లింది.

ప్రసంగం అయ్యాక అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్దాయన, సమయం తక్కువ ఉన్నప్పుడు రికార్డింగులు వినిపించేకన్నా సిద్ధాంతం చెప్పడం మంచిదని, అచ్చుకు ఇచ్చేటప్పుడు ఆ భాగం తీసేసినా నష్టం లేదని అన్నారు. అచ్చుకు ఎనిమిది పేజీలే ఇవ్వాలి. తన దగ్గర పదకొండు పేజీలున్నాయి. ఏది తీసేయాలో ఆ రాత్రికే తేల్చుకోవాలి.

సెషన్ ముగిశాక నలుగురైదుగురు తన దగ్గరికి వచ్చారు. "సూపర్‌గా చెప్పావమ్మా" అన్నారు ఒకరు. "అస్సలు భయపడకుండా మాట్లాడావు" అన్నారు ఇంకొకరు. "టాపిక్ బాగుంది, కొత్తగా ఉంది" అన్నారు మరొకరు. తను అందరికీ నవ్వుతూ థాంక్స్ చెప్పింది. అందరూ మనస్ఫూర్తిగానే అన్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఎనిమిది పేజీల్లో ఏది ఉంచాలన్నదానికి ఆ మాటల్లో ఏ సాయమూ లేదు.

నేను నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాసుకుని ఉన్నాను. అవి చూసుకుని ఇలా అన్నాను: "మామ్మ ‘వచ్చినాది’ అన్నచోట కర్త దగ్గర ఖాళీ గీత పెట్టావు చూడు, అక్కడ నేను రాసుకోవడం ఆపేశాను. బ్రాకెట్లో సముద్రం అని రాసేస్తే మాకు తేలికయ్యేది. నువ్వు రాయలేదు. మహతి, అమహత్తు ఏకవచనంలో ఒకటేనని డిగ్రీ నుంచి చదువుతున్నాం గానీ, ఆ సూత్రం ఉండబట్టి ఒక మనిషి దేన్ని తేల్చకుండా వదిలేయగలదో నాకు ఇవాళే తెలిసింది."

ఈసారి తను థాంక్స్ అనలేదు. "మొదట్లో నేనూ సముద్రం అనే రాశానే" అంది. మళ్లీ గోపాల్‌పూర్ వెళ్లి, రాసింది చదివి వినిపిస్తే మామ్మ ఒప్పుకోలేదట. "ఏదొచ్చింది మామ్మా?" అని అడిగితే, "ఏటమ్మా, ఏదని సెప్పమంటావు? నీళ్లా, గాలా? అది వచ్చినాది" అందట. అప్పుడు ఆ మాట కొట్టేసి గీత పెట్టిందట తను. ఈ సంగతి పత్రంలో లేదు. అసలు దమ్మున్న భాగం అదే కదా! "ఇది రాయవేం?" అన్నాను. "ఇది కూడా రాయాలా?" అంది. ఆ రాత్రి పదకొండు పేజీల్లోంచి మూడు పేజీలకు పైగా పూర్వ పరిశోధనల సమీక్ష పోయింది, మామ్మ రెండో మాట చేరింది.

ఇంతకీ ఆ రెండు రకాల మాటలకూ తేడా ఎక్కడుంది? మెచ్చుకోలు మాటల మీద అమెరికాలో జోన్ మేన్స్, నెస్సా వుల్ఫ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు చేసిన పని 1981లో అచ్చయింది. జనం రోజూ అనుకునే మెచ్చుకోళ్లను దాదాపు ఏడువందలు పోగుచేసి చూశారు. విశేషణంతో మెచ్చుకున్న మాటల్లో మూడింట రెండొంతులు కేవలం ఐదు విశేషణాలతోనే నడిచిపోతున్నాయని తేలింది. నైస్, గుడ్, బ్యూటిఫుల్, ప్రెటీ, గ్రేట్. వాక్య నిర్మాణాలు కూడా రెండు మూడే. అంటే మెచ్చుకోలు ఎక్కువగా అచ్చుపోసిన మాట, నమస్కారం లాంటిది. మన తెలుగులో ఆ పనంతా దాదాపు ‘బాగుంది’ ఒక్కటే మోస్తుంది. కూర బాగుంది, చీర బాగుంది, పత్రం బాగుంది. నమస్కారం పెట్టడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఎవరూ నమస్కారాన్ని అభిప్రాయం అనుకోరు. ‘బాగుంది’ని కూడా అంతే, వినేవాళ్లు అభిప్రాయంగా తీసుకోరు.

రెండో సంగతి మెచ్చుకోలు అందుకునేవాళ్ల వైపు నుంచి. అనిటా పొమరాంట్స్ అనే ఆమె 1978లో దీని మీద ఒక వ్యాసం రాసింది. ఎవరైనా మనల్ని మెచ్చుకుంటే మనం ఒక ఇరకాటంలో పడతామంటుంది. ఎదుటివాళ్లు అన్నదాన్ని ఒప్పుకోవడం మర్యాద, మనల్ని మనం పొగుడుకోకపోవడం కూడా మర్యాదే. ఒప్పుకుంటే సొంత డబ్బా అవుతుంది, కాదంటే ఎదుటివాళ్ల మాట కొట్టేసినట్టవుతుంది. అందుకే జనం పొగడ్తను తగ్గించి ఒప్పుకుంటారు, లేదా ఇంకెవరి మీదికో మళ్లిస్తారు. మన ‘ఏదో మీ అభిమానం’ సరిగ్గా అలాంటిదే. మంచితనమంతా మీది, నా పత్రానిది కాదు అని మళ్లించడం.

ఈ రెండూ కలిపి చూస్తే గోపాల్‌పూర్‌లో జరిగింది అర్థమవుతుంది. "సూపర్‌గా చెప్పావు" అన్నప్పుడు తన ముందు ఉన్నవి రెండే దారులు, ఒప్పుకోవడం లేదా తగ్గించుకోవడం. "గీత పెట్టావు చూడు" అన్నప్పుడు మూడో దారి తెరుచుకుంది. ఆ గీత సంగతి చెప్పొచ్చు. గొప్పలు పోనక్కర్లేదు, కాదననక్కర్లేదు. అందుకే మాట తన గురించి కాకుండా పని గురించి సాగింది. ఒక చోటును చూపించి మెచ్చుకుంటే అది నిజమైన మాటలా వినిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ మాట వినకుండా అనలేం. నిద్రపోయి లేచినవాళ్లు కూడా "చాలా బాగుంది" అనగలరు. ఖాళీ గీత సంగతి మాత్రం విన్నవాళ్లే అనగలరు.

చేయడం ఎలాగంటే, పని అంతా ప్రసంగం జరుగుతున్నప్పుడే ఉంటుంది. అయ్యాక గుర్తు తెచ్చుకుందామంటే ‘బాగుంది’ తప్ప ఏమీ రాదు. నేను నోట్‌బుక్‌లో మామూలు నోట్స్ ఎడమవైపు రాసుకుంటాను. వింటూ వింటూ ఎక్కడైనా పెన్ ఆగితే, కుడివైపు మార్జిన్‌లో ఆ చోటు ఒక్క ముక్కలో రాసుకుంటాను. ఆ రోజు రాసుకున్నవి ఇవే: "కర్త ఖాళీ, గీత" అని ఒక లైను, "మహతి-అమహ. ఏక." అని ఇంకో లైను. చివర్లో చప్పట్లు కొట్టేటప్పుడు ఆ మార్జిన్ చూసుకుని ఒక్కటి ఎంచుకుంటాను. రెండు మూడు చెబితే మార్కులు వేస్తున్నట్టు ఉంటుంది.

మాటలో మూడు ముక్కలుంటే చాలు. ఏ చోట అన్నది మొదటిది. అక్కడ తను ఏం చేసింది, ఇంకేం చేయగలిగి ఉండీ చేయలేదు అన్నది రెండోది. దానివల్ల నాకు ఏం తెలిసింది అన్నది మూడోది. వీటిలో రెండోది ముఖ్యం. పత్రం రాసినవాళ్లు పడ్డ కష్టమంతా ఇదా అదా అని తేల్చుకోవడంలోనే ఉంటుంది. వినేవాళ్లకు అది కనిపించదు, తేల్చుకున్న ఫలితమే కనిపిస్తుంది. బ్రాకెట్లో సముద్రం అని రాయకపోవడాన్ని ఎవరైనా గమనించారంటే, ఆ కష్టం చూసినట్టే. చెప్పేశాక ఆగిపోవాలి. తనకు మాట్లాడే చోటు వదలాలి.

పెద్దవాళ్లతో అయితే తెలుగులో ఒక చిక్కుంది. మన మేడమ్‌తో "బాగా చెప్పారు మేడమ్" అంటే పర్వాలేదు గానీ, "మీ విశ్లేషణ చాలా చక్కగా ఉంది" అని ఎంఏ అమ్మాయి అంటే, చిన్నది పెద్దవాళ్ల పేపరు దిద్దుతున్నట్టు వినిపిస్తుంది. బాగుందో లేదో తేల్చేది సాధారణంగా పైనున్నవాళ్లు కదా. మీరు, గారు చేర్చినా ఆ వాసన పోదు. ఇక్కడ మూడో ముక్కను ముందుకు తెచ్చుకుంటే సరిపోతుంది: "మేడమ్, మీరు ఫలానా పద్యానికి రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి చూపించినచోట నాకు ఈ సంగతి తెలిసింది." ఇందులో తీర్పు లేదు, నేర్చుకున్న సంగతి ఉంది. మెచ్చుకోలు దానంతటదే అందుతుంది. తోటివాళ్లతో మాత్రం నేరుగానే అనొచ్చు. నాకు తెలిసి స్నేహితుల మధ్య మరీ మర్యాదగా మాట్లాడితేనే అనుమానం వస్తుంది.

చెడగొట్టే మాటలు కొన్ని ఉన్నాయి. "భయపడకుండా మాట్లాడావు" అన్నది అమ్మాయిలకే ఎక్కువగా చెప్పే మాట. ప్రేమగానే అంటారు. కానీ అందులో పత్రం లేదు, భయపడతావనుకున్నాం అన్న మాట మాత్రం ఉంది. "ఈ సెషన్‌లో నీదే బెస్ట్" అంటే పక్కనున్న ఇంకో ఇద్దరికి తగులుతుంది, తనకూ ఇబ్బందే. "బాగుంది గానీ" అని మొదలుపెడితే ‘గానీ’ ముందున్నదంతా చెరిగిపోతుంది.

నాకూ ఆ రోజు ఒక అనుమానం ఉంది. తుఫానుకు ముందే అక్కడి జనాన్ని ఖాళీ చేయించారు. మామ్మ కూడా ఆ రాత్రి ఒడ్డున లేదు, షెల్టర్‌లో ఉంది. కళ్లతో చూడనిదాన్ని తెలుగులో ‘వచ్చిందట’ అనాలి. మామ్మ మరి ‘ట’ లేకుండా ‘వచ్చినాది’ అని ఎందుకంది? ఇది మంచి ప్రశ్నే, అందుకే ప్రశ్నల సమయంలో అందరి ముందు అడిగాను. పొద్దున్న వచ్చి గుర్తులు చూసింది కాబట్టి చూసినట్టే చెప్పిందేమో, మళ్లీ అడగాలి అని తను జవాబిచ్చింది. బల్ల దగ్గర మెచ్చుకునేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న మళ్లీ ఎత్తలేదు. సందేహానికి ప్రశ్నల సమయం ఉంది, మెచ్చుకోలుకు ఆ ఐదు నిమిషాలున్నాయి. రెండూ ఒకే ఊపిరిలో చెబితే వినేవాళ్లకు సందేహమే మిగులుతుంది.

మార్జిన్ ఖాళీగా ఉండిపోయే ప్రసంగాలూ ఉంటాయి. అప్పుడు అబద్ధం చెప్పక్కర్లేదు. ‘బాగుంది’ అనే నమస్కారం పెట్టి వెళ్లిపోవచ్చు, దాన్ని నమస్కారంగానే తీసుకుంటారు. ఏమైనా అనాలనిపిస్తే నిజంగా తెలుసుకోవాలనుకున్నది ఒకటి అడగొచ్చు: "ఈ కథల్ని ఏ సంవత్సరం దాకా తీసుకున్నావు? అక్కడే ఎందుకు ఆపావు?" ఎక్కడ ఆపాలన్నది కూడా తను తేల్చుకున్న విషయమే కాబట్టి, దానికి తన దగ్గర ఏదో ఒక జవాబు ఉంటుంది.

మన మాట మర్యాదకు అన్నదా, మనసులోంచి వచ్చిందా అని తెలుసుకోవడానికి నేను ఒకటి చూస్తాను. అదే వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా తర్వాత మాట్లాడిన వక్తకు కూడా చెప్పగలమా? చెప్పగలిగితే అది ఎవరిదీ కాదు. వచ్చే నెల మన డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో మూడో సంవత్సరం వాళ్లు మొదటిసారి పత్రాలు చదవబోతున్నారు. వినడానికి వచ్చేవాళ్లు నోట్‌బుక్ తెచ్చుకుని కుడివైపు మార్జిన్ గీసుకు కూర్చోండి.